కొన్న ధరా, నేటి ధరా?

రమజాను మాసం సమీపించినప్పుడల్లా జకాత్‌ను గురించిన ప్రశ్నలు మా వద్దకు వస్తుంటాయి. ఒకప్పుడు అవి బంగారం, వెండి, దుకాణంలోని సరుకులకు సంబంధించి ఉండేవి. ఇటీవలి సంవత్సరాల్లో సబ్బవరం, పెందుర్తి, అనకాపల్లి పరిసరాల సోదరులు అడిగేవాటిలో అధిక భాగం ఇళ్ల స్థలాల గురించే. “స్థలం ముప్ఫై లక్షలకు కొన్నాము. ఇప్పుడు ఇరవై నాలుగుకు మించి ఎవరూ అడగడం లేదు. జకాత్ దేనిపై లెక్కించాలి?” అన్నది వాటి సారాంశం.

దీనికి ధర్మశాస్త్ర సమాధానం క్లిష్టమైనదేమీ కాదు. తిరిగి అమ్మి లాభం పొందాలనే సంకల్పంతో కొన్న స్థలం వ్యాపార సరుకు కిందికి వస్తుంది. చాంద్రమాన సంవత్సరం పూర్తయిన నాడు బజారులో దానికి ఏ ధర పలుకుతుందో ఆ ధరపై రెండున్నర శాతం జకాత్ చెల్లించాలి. కొన్న ధర లెక్కలోకి రాదు. రిజిస్ట్రేషను కార్యాలయంలో ఉన్న ప్రభుత్వ విలువా లెక్కలోకి రాదు. కనుక పై ప్రశ్నలోని సోదరుడు ముప్ఫై లక్షలపై 75,000 రూపాయలు కాక, ఇరవై నాలుగు లక్షలపై 60,000 రూపాయలు చెల్లిస్తే సరిపోతుంది.

జకాత్ పదిహేను వేలు తగ్గిందని చెప్పినప్పుడు వారి ముఖాల్లో ఊరట కనిపించాలి. అనేకుల విషయంలో కనిపించేది ఇబ్బంది. “కాగితంపై ముప్ఫై అనే రాసుకుంటాము లెండి, ఎక్కువ ఇచ్చినట్లే కదా” అనేవారు ఉన్నారు. ఎక్కువ ఇవ్వడం పుణ్యమే, కాదనలేము. కానీ అక్కడ పనిచేస్తున్నది దానగుణం ఒక్కటే కాదని మా అభిప్రాయం. ఇరవై నాలుగు అని తమ చేతితో రాయడమంటే ఆరు లక్షలు పోయాయని ఒప్పుకోవడం. ఆ బాధను వాయిదా వేయడానికి మనిషి పదిహేను వేలు అదనంగా ఇవ్వడానికైనా సిద్ధపడతాడు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ స్వభావాన్ని వివరించారు. మనిషి తన సంపద మొత్తాన్ని చూసి సుఖదుఃఖాలను పొందడు. ఏదో ఒక గుర్తుగీత గీసుకుని, దానికి పైన ఉన్నదాన్ని లాభమనీ కింద ఉన్నదాన్ని నష్టమనీ భావిస్తాడు. అంతే మొత్తంలో వచ్చిన లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం కలిగించే బాధ ఎక్కువ. దాదాపు రెట్టింపు అని వారి తదుపరి పరిశోధన అంచనా వేసింది. స్థలం కొన్నవారికి ఆ గుర్తుగీత కొన్న ధరే. దీనిని మనం నష్టభీతి అనవచ్చు.

ఈ భయం ఇంటిలో ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు లెక్క సౌలభ్యం కోసం మేము వేసుకున్నవే. ఒక గృహస్థుడు 200 గజాల స్థలాన్ని గజం 15,000 చొప్పున 30 లక్షలకు కొన్నాడు. రెండో ఏడు గజం 13,500కు, మూడో ఏడు 12,000కు దిగింది. అంతలో కుమారుని చదువుకు ఆరు లక్షలు అవసరమయ్యాయి. అతని ముందు మూడు మార్గాలున్నాయి. స్థలం అమ్మడం ఒకటి. రెండు లక్షలకు కొని నేడు ఆరు లక్షలు పలుకుతున్న భార్య బంగారాన్ని అమ్మడం రెండవది. నూటికి రూపాయిన్నర వడ్డీకి అప్పు తేవడం మూడవది.

ఇటువంటి సందర్భాల్లో మొదటి మార్గాన్ని ఎంచుకున్నవారు మాకు అరుదుగా కనిపించారు. లాభంలో ఉన్న వస్తువును అమ్మితే గెలిచినట్లు, నష్టంలో ఉన్నదాన్ని అమ్మితే ఓడినట్లు తోచడమే కారణం. అందుచేత బంగారం పోతుంది. ఆ బంగారం భార్య సొత్తనీ, ఆమె మనస్ఫూర్తిగా అంగీకరించనిదే భర్తకు దానిపై ఏ హక్కూ లేదనీ ఈ సందర్భంలో గుర్తుచేయక తప్పదు. బంగారమూ లేకపోతే వడ్డీ అప్పు వస్తుంది. ఆరు లక్షలపై నెలకు తొమ్మిది వేలు, ఏడాదికి లక్షా ఎనిమిది వేలు. అంటే ఆరు లక్షల నష్టాన్ని కళ్లారా చూడలేక, అల్లాహ్ నిషేధించిన వడ్డీలోకి ఒక కుటుంబం అడుగుపెడుతోంది. ఇటు 24 నుంచి 30కి చేరాలంటే ధర ఇరవై శాతం పెరిగితే చాలదు, ఇరవై అయిదు శాతం పెరగాలి. ఈ లెక్క వేసుకున్నవారు తక్కువ.

ఇక్కడ జకాత్ నియమం గొప్ప సాయం చేస్తుంది. అది ఏటా ఒకసారి పాత గుర్తుగీతను చెరిపి నేటి ధరను రాయిస్తుంది. ఆ కాగితం ముందుంచుకుని తనను తాను ఒకే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ రోజు నా చేతిలో ఇరవై నాలుగు లక్షల నగదు ఉంటే, ఇదే స్థలాన్ని ఇదే ధరకు కొంటానా? కొంటానని నిజాయితీగా చెప్పగలిగితే ఉంచుకోవడంలో తప్పులేదు. కొననని మనసు చెబితే, ఉంచుకున్నది స్థలాన్ని కాదు, ముప్ఫై అనే అంకెను.

ఈ ప్రశ్న అందరికీ వర్తించదు. ఇల్లు కట్టుకుని నివసించడానికే కొన్నవారికి ధర తగ్గినా పెరిగినా పెద్ద తేడా లేదు, ఆ స్థలంపై జకాత్ కూడా లేదు. హనఫీ మతం ప్రకారం కొన్ననాటి సంకల్పమే ప్రధానం. నివాసం కోసం కొని తర్వాత అమ్ముదామనుకున్నంత మాత్రాన అది సరుకైపోదు, నిజంగా అమ్మిన తర్వాతే ఆ సొమ్ము లెక్కలోకి వస్తుంది. ధర పడిన తర్వాత “ఇల్లు కట్టుకోవడానికే కొన్నాములే” అని సంకల్పాన్ని మార్చి చెప్పుకునేవారి సంగతి వేరు. అది కూడా నష్టభీతి వేసిన వేషమే.

అసలు ముప్ఫై లక్షలకు కొనేలా చేసినది ఏమిటన్నది తదుపరి ప్రశ్న. సబ్బవరానికి కొన్ని వాస్తవమైన అనుకూలతలు ఉన్నాయి. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. అనకాపల్లి నుంచి ఆనందపురం వెళ్లే ఆరు వరుసల రహదారి ఇటుగా సాగుతుంది. వీటిపైన ప్రకటనలు తోడయ్యాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట శాసనసభలో వినిపించింది. 2023 జనవరిలో విశాఖయే రాజధాని కానున్నదని అప్పటి ముఖ్యమంత్రి ఢిల్లీలో అన్నారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారి రాజధాని మళ్లీ అమరావతే అయింది. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ డేటా కేంద్రం వస్తుందన్న ప్రకటన వెలువడింది. ప్రతి వార్తకూ స్థలాల కోసం పరుగు మొదలవుతుంది. గొర్రెదాటు అని మన పెద్దలు పేరు పెట్టినది దీనికే.

అందరూ కొంటున్నారంటే ఏదో ఉండే ఉంటుందన్న తర్కం పూర్తిగా అవివేకమూ కాదు. దాని లోపం ఎక్కడుందో హదీసు శాస్త్ర పరిచయం ఉన్నవారికి సులభంగా అర్థమవుతుంది. ఒక వార్తను వందమంది చెప్పినా, వారందరి పరంపరలూ ఒకే ఉల్లేఖకుని వద్ద కలిస్తే దానికి ముతవాతిర్ స్థాయి రాదు, మూలంలో అది ఒక్కరి వార్తే. సంకల్పాన్ని గురించిన సుప్రసిద్ధ హదీసు సైతం మూలంలో ఒక్కొక్కరి ద్వారానే వచ్చింది. ఆ ఒక్కొక్కరు అత్యంత విశ్వసనీయులు గనుకనే అది ప్రామాణికమైంది. స్థలాల విషయంలో మొదటివాడు రహదారి పటం చూసి కొని ఉండవచ్చు. రెండవవాడు మొదటివానిని చూశాడు. పదవవాడు తొమ్మిది మందిని చూసి, తొమ్మిది సాక్ష్యాలు ఉన్నాయనుకున్నాడు. ఉన్నది ఒక్కటే. ఆ ఒక్కడూ కమీషను మీద బతికే మధ్యవర్తి అయితే పరంపర విలువ ఎంతో చెప్పనవసరం లేదు.

కొనే ఉద్దేశం లేకుండా ఇతరులను ఉసిగొల్పడానికి ధర పెంచి అడగడాన్ని నజష్ అంటారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) దీనిని నిషేధించారు. ఆదివారం బస్సులో తీసుకువెళ్లి, పటంపై సగం స్థలాలకు ‘బుక్ అయింది’ అని ముందే ఎర్ర చుక్కలు పెట్టి, కొన్నట్లు నటించేవారిని పక్కన నిలబెట్టడం నజష్‌కు నేటి రూపం. అటువంటి చోట కనిపించే మంద కూడా నిజమైన మంద కాదు.

మంద ధార్మిక వేషంలోనూ రావచ్చు. బెంగళూరులో ఐఎంఏ సంస్థ వడ్డీ లేని హలాల్ పెట్టుబడి అన్న పేరుతో వేలాది ముస్లిం కుటుంబాల సొమ్ము సేకరించి 2019 జూన్‌లో కుప్పకూలింది. దాని అధిపతి మన్సూర్ ఖాన్ దుబాయికి వెళ్లిపోయి జూలైలో ఢిల్లీలో అరెస్టయ్యాడు. అక్కడ చాలామంది చూసింది వ్యాపార లెక్కలను కాదు, మసీదులో తమ పక్కన నిలబడే మనిషి కూడా అందులో ఉన్నాడన్న సంగతిని, నిన్నటి నెల కూడా డబ్బు అందిందన్న సంగతిని.

ఈ రెండవది వేరొక పొరపాటు. నిన్న జరిగినదే రేపూ జరుగుతుందనుకోవడం. “పోయినేడు గజం ఎనిమిది వేలు, ఈ ఏడు పన్నెండు, వచ్చే ఏడు పదహారు” అని మధ్యవర్తి బోర్డు మీద రాస్తాడు. మొదటి రెండు అంకెలు జరిగినవి, మూడవది ఊహ. మూడూ ఒకే సున్నంతో రాసి ఉండటం వల్ల ఒకేలా కనిపిస్తాయి. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) కాలంలో ఏడేళ్ల సుభిక్షాన్ని చూసినవారికి ఎనిమిదవ ఏడు కూడా అలాగే ఉంటుందని తోచడం సహజమే. ఆయన మాత్రం పంటను వెన్నుల్లోనే నిలువ చేయించారు. ఈ పొరపాటు కిందికి కూడా పనిచేస్తుందని మరువరాదు. 2019 తర్వాత అమరావతి ప్రాంతంలో ఇక ధరలు లేవవని నిర్ణయించుకుని అయినకాడికి అమ్ముకున్నవారు, 2024 తర్వాత మారిన పరిస్థితిని చూశారు.

నేటి ధర తెలుసుకోవడం ఎలా అన్నది చాలామంది సందేహం. కొనేవానిగా వెళ్లి అడిగితే మధ్యవర్తి చెప్పేది ఆశించే ధర. అదే మధ్యవర్తుల్లో ఇద్దరు ముగ్గురి వద్దకు అమ్మేవానిగా వెళ్లి, నెల రోజుల్లో నగదు రావాలంటే ఎంతకు పోతుందని అడగాలి. ఆ రెండింటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే బోర్డుపై అంకె అంత బోలు. సంస్థ తొలిసారిగా అమ్మే స్థలాల ధరను కూడా ప్రమాణంగా తీసుకోరాదు. ఆ లేఅవుటులో ఒకసారి కొన్నవారు మరొకరికి తిరిగి అమ్మినది చివరిసారి ఎప్పుడో, ఎంతకో విచారించాలి. రెండేళ్లుగా అటువంటి అమ్మకమే లేకపోతే అక్కడ ధర అన్నది మాటల్లోనే ఉందని గ్రహించాలి. ఇక లేఅవుటుకు వీఎంఆర్‌డీఏ అనుమతి సంఖ్య, స్థలానికి ఈసీ లేని చోట ఈ విచారణ వరకు కూడా వెళ్లనవసరం లేదు.

ఇలా తెలుసుకున్న ధరను తేదీతో సహా జకాత్ పుస్తకంలో రాసి, ఇంటి ఇల్లాలికి చూపించి సంతకం చేయించుకోవాలని మేము అడిగినవారందరికీ చెబుతున్నాము. కొన్న ధరను ఆ పుట మీద రాయవద్దని కూడా చెబుతున్నాము.