ముప్పావలా వడ్డీ, పదిహేనేళ్ళ గడువు

ఇంట్లో దిగి ఏడెనిమిదేళ్ళు గడిచేసరికి పనులు ఒక్కొక్కటే బయటపడతాయి. బాత్రూమ్ గోడకు చెమ్మ ఎక్కుతుంది, శ్లాబు కారుతుంది, వంటింటి కబోర్డులు ఉబ్బిపోతాయి. మేస్త్రీ, ప్లంబరు, కార్పెంటరు తలా ఒక ఎస్టిమేటు చెప్పి వెళ్ళాక కూడితే అయిదారు లక్షలు తేలుతుంది. అంత డబ్బు చేతిలో ఉండదు. జీతం పడే బ్యాంకు యాప్‌లో మాత్రం పర్సనల్ లోన్ సిద్ధంగా కనిపిస్తుంది, నొక్కితే చాలు ఖాతాలో పడిపోతుంది. ఇంటి లోను ఇచ్చిన బ్యాంకుకు వెళితే దాని మీదే టాప్-అప్ ఇస్తామంటారు, కాకపోతే కాగితాలకు కొన్ని రోజులు పడుతుంది.

టాప్-అప్‌కు వడ్డీ తక్కువని అందరికీ తెలుసు. ఇల్లు అప్పటికే తనఖాలో ఉంది కాబట్టి బ్యాంకుకు భయం తక్కువ. పర్సనల్ లోన్‌కు మన జీతం తప్ప మరో ఆధారం లేదు కాబట్టి వడ్డీ ఎక్కువ. అయితే వడ్డీ రేటు దగ్గరే ఆగిపోయినవాళ్ళు తరచు ఎక్కువ డబ్బు కట్టేది టాప్-అప్‌కే. కారణం గడువు.

లెక్క వేసి చూద్దాం. విజయవాడలో ఒక ఫ్లాటు ఉందనుకోండి. ఇంటి లోను ఇంకా 26 లక్షలు ఉంది, పదిహేనేళ్ళ వాయిదాలు మిగిలాయి. మరమ్మతులకు 6 లక్షలు కావాలి. పర్సనల్ లోన్ 13 శాతానికి, అయిదేళ్ళ గడువుతో వస్తోంది. టాప్-అప్ 9 శాతానికి వస్తోంది. మన పెద్దల లెక్కలో చెప్పాలంటే ఒకటి రూపాయి దాటిన వడ్డీ, రెండోది ముప్పావలా వడ్డీ. ఇవి ఉదాహరణకు తీసుకున్న రేట్లు. మీ బ్యాంకు, మీ సిబిల్ స్కోరును బట్టి మారతాయి.

పర్సనల్ లోన్‌కు నెలకు సుమారు 13,650 రూపాయల ఈఎంఐ పడుతుంది. అయిదేళ్ళలో కట్టే వడ్డీ 2 లక్షల 19 వేలు. టాప్-అప్‌ను బ్యాంకువాళ్ళు మామూలుగా ఇంటి లోనుకు మిగిలిన గడువుతోనే కలిపేస్తారు. పదిహేనేళ్ళకు ఈఎంఐ 6,100 లోపే. సగానికి తగ్గిందని సంతోషించి సంతకం పెట్టేస్తాం. పదిహేనేళ్ళలో ఆ 6 లక్షల మీద కట్టే వడ్డీ 4 లక్షల 95 వేలు! కారిన బాత్రూముకు వేసిన టైల్స్ మళ్ళీ మార్చే రోజు వచ్చినా పాత టైల్స్ అప్పు తీరదు.

అదే టాప్-అప్‌ను అయిదేళ్ళకే తీసుకుంటే ఈఎంఐ దాదాపు 12,450, వడ్డీ 1 లక్షా 47 వేలు. అంటే పర్సనల్ లోన్‌తో పోలిస్తే 72 వేలు మిగులు. టాప్-అప్ చవక అనే మాట నిజమయ్యేది గడువు సమానంగా ఉన్నప్పుడే.

ఇంకో దారి ఉంది, నాకైతే ఇదే నచ్చుతుంది. గడువు పదిహేనేళ్ళే పెట్టుకుని, పర్సనల్ లోన్‌కు కట్టాల్సినంత, అంటే నెలకు 13,650 కట్టుకుంటూ పోవడం. అప్పు నాలుగున్నరేళ్ళలో తీరిపోతుంది, వడ్డీ 1 లక్షా 31 వేల దగ్గర ఆగుతుంది. ఏదో ఒక నెల ఆసుపత్రి ఖర్చు వచ్చిపడితే 6,100 మాత్రమే కట్టినా బ్యాంకు అడగదు. మారే వడ్డీ మీద వ్యక్తులు సొంత అవసరాలకు తీసుకున్న అప్పును ముందే తీర్చినా జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి ఇది కుదురుతుంది. పర్సనల్ లోన్లు ఎక్కువగా స్థిర వడ్డీవి. వాటిని ముందే తీరిస్తే ఛార్జీ పడవచ్చు. ఒక జాగ్రత్త: అదనంగా కట్టిన డబ్బును అసలులో జమ చేసి, ఈఎంఐ తగ్గించకుండా గడువు తగ్గించమని బ్యాంకుకు రాసివ్వాలి. నెలనెలా అదనంగా కట్టే నిగ్రహం మనకు లేదనుకుంటే అయిదేళ్ళ గడువే మేలు.

టాప్-అప్ అడగ్గానే అందరికీ రాదు. వాయిదాలు కొంతకాలం తప్పకుండా కట్టి ఉండాలి. పాత అప్పు, కొత్త అప్పు కలిపి ఇంటి విలువలో ఒక హద్దు దాటకూడదు. 30 లక్షలకు పైన 75 లక్షల వరకు ఉన్న ఇంటి లోన్లకు ఆ హద్దు 80 శాతం. మన ఫ్లాటు విలువ 55 లక్షలని బ్యాంకు పంపిన వాల్యుయర్ తేలిస్తే 44 లక్షల దాకా చోటుంది, మొత్తం అప్పు 32 లక్షలే కాబట్టి ఇబ్బంది లేదు. మార్కెట్‌లో ఎంత పలుకుతుందని మనం అనుకున్నా లెక్కలోకి వచ్చేది వాల్యుయర్ రాసిన అంకెే. అనుమతి లేకుండా పైన గది వేసి ఉంటే అక్కడే పేచీ మొదలవుతుంది.

బిల్లులు అడిగితే విసుక్కోకండి. కొన్ని సంస్థలు టాప్-అప్ డబ్బు ఎటు పోతోందో సరిగా చూడడం లేదని 2024 ఆగస్టులో అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్ హెచ్చరించారు. ఆ డబ్బు స్పెక్యులేషన్‌లోకి మళ్ళే ప్రమాదం ఉందన్నది ఆయన ఆందోళన. బిల్లులు మనకూ పనికొస్తాయి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి, సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు అప్పు మీద ఏడాదికి 30,000 దాకా వడ్డీ మినహాయింపు ఉంది. ఇంటి లోను వడ్డీకి ఇచ్చే 2 లక్షల్లోనే ఇదీ కలిసి ఉంటుంది. కొత్త విధానంలో అదీ లేదు.

ఇల్లు పోతుందనే భయంతో కొందరు టాప్-అప్ వద్దంటారు. ఆ భయం సగమే నిజం. పర్సనల్ లోన్‌కు ఇల్లు తనఖా కాదు. కానీ రెండూ ఒకే బ్యాంకులో ఉంటే ఒకటి గుర్తుంచుకోవాలి: మొండి బకాయిని లెక్కించేది అప్పును బట్టి కాదు, అప్పు తీసుకున్న మనిషిని బట్టి. పర్సనల్ లోన్ వాయిదా 90 రోజులు దాటినా, సక్రమంగా కడుతున్న ఇంటి లోను కూడా మొండి బకాయి కిందికే వెళ్తుంది. టాప్-అప్‌తో వచ్చే అసలు చిక్కు వేరు. ఇంటి లోను తీరినా టాప్-అప్ మిగిలి ఉంటే దస్తావేజులు చేతికి రావు. ఇల్లు అమ్మాలన్నా, లోను వేరే బ్యాంకుకు మార్చాలన్నా రెండూ కలిపి తీర్చాల్సిందే.

ఇక ఖర్చులు. టాప్-అప్‌కు ప్రాసెసింగ్ ఫీజుతో పాటు వాల్యుయేషన్, లీగల్ ఒపీనియన్, కొన్నిచోట్ల తనఖా పత్రానికి మళ్ళీ స్టాంపు డ్యూటీ పడతాయి. పర్సనల్ లోన్‌లో ఫీజుతో పాటు ఇన్సూరెన్స్ ప్రీమియాన్ని చెప్పీ చెప్పకుండా అప్పులో కలిపేసే అలవాటు ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అనే అంకె ఫీజులన్నీ కలుపుకున్న అసలైన వడ్డీని చూపిస్తుంది. ఏజెంటు ఫోన్లో చెప్పే ‘ఫ్లాట్ 8 శాతం’ నమ్మకండి. అది తగ్గుతున్న అసలు మీద కాదు, మొదట తీసుకున్న మొత్తం మీద చివరిదాకా వేసే వడ్డీ. అయిదేళ్ళకు అది 14 శాతం పైచిలుకే.

పని చిన్నదైతే ఈ లెక్క తిరగబడుతుంది. లక్షన్నరతో రంగులు, చిన్న ప్లంబింగ్ పని చేయించి రెండేళ్ళలో తీర్చేయాలనుకుంటే ఇవే రేట్లకు పర్సనల్ లోన్ మీద వడ్డీ 21 వేలు, టాప్-అప్ మీద 14 వేల అయిదొందలు. మిగిలే ఆరున్నర వేలను వాల్యుయేషన్, లీగల్, స్టాంపు ఖర్చులే మింగేయవచ్చు. అక్కడ యాప్‌లో కనిపించే పర్సనల్ లోన్ తీసుకోవడంలో తప్పేమీ లేదు, ఇన్సూరెన్స్ టిక్కు తీసేశారో లేదో చూసుకుంటే చాలు.