చెల్లె లోన్‌కు వడ్డీ కట్టింది నేను.. పన్ను మినహాయింపు ఎవరికి?

2024 డిసెంబర్‌లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాగజ్‌నగర్‌లో ఇంటికి పోయినప్పుడు నా ఫోన్‌లో ఒక తప్పు ఉంది. నేనే చేసిన తప్పు. అంతకుముందు జూలైలో ఫైల్ చేసిన ఐటీ రిటర్న్‌లో, మా చెల్లె ఎడ్యుకేషన్ లోన్‌కు నేను కట్టిన 80 వేల వడ్డీని సెక్షన్ 80ఈ కింద మినహాయింపుగా చూపించాను. కట్టింది నేనే, నా అకౌంట్ నుంచే పోయింది, స్టేట్‌మెంట్ ఉంది. ఇంకేం కావాలి అనుకున్నా.

మా ఊళ్లో ట్యాక్స్ పని చూసే ఒక సారుకు ఆ రిటర్న్ చూపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "లోన్ ఎవరి పేరు మీద ఉన్నది బాబూ?"

"చెల్లె పేరు మీద సార్. కో-అప్లికెంట్ మా బాపు."

"మరి నువ్వెవరు?"

నాకు జవాబు దొరకలేదు.

చెల్లె 'రిలేటివ్' కాదా?

80ఈ చదవడానికి సింపుల్‌గానే ఉంటుంది. లోన్ తీసుకున్న వ్యక్తి, తన ఆదాయంలోంచి కట్టిన వడ్డీని మినహాయించుకోవచ్చు. ఆ లోన్ తన పైచదువు కోసం కావచ్చు, లేదా 'రిలేటివ్' పైచదువు కోసం కావచ్చు. చిక్కంతా ఈ 'రిలేటివ్' అనే మాటలోనే ఉంది. ఈ సెక్షన్ లెక్కలో రిలేటివ్ అంటే భర్త లేదా భార్య, పిల్లలు, ఇంకా మనం చట్టపరంగా గార్డియన్‌గా ఉన్న స్టూడెంట్. అంతే. అన్న, తమ్ముడు, అక్క, చెల్లె ఆ లిస్టులో లేరు.

అంటే నాది రెండు చోట్ల తప్పు. లోన్ పేపర్ల మీద నా పేరు లేదు. ఒకవేళ నన్ను కో-అప్లికెంట్‌గా పెట్టినా, చెల్లె చదువు కోసం కాబట్టి నాకు మినహాయింపు రాదు. "ఇంట్ల పెద్దకొడుకువి, బరువు మోస్తున్నవ్. గానీ చట్టానికి అది లెక్క లేదు" అన్నారు సారు.

ఆ ఏడాది నేను పాత పన్ను పద్ధతిలో, 20 శాతం స్లాబులో ఉన్నాను. 80 వేల మీద 16,000, దాని మీద 4 శాతం సెస్ 640. మొత్తం 16,640 రూపాయలు నాకు రాకూడని లాభం. రివైజ్డ్ రిటర్న్ వేయడానికి డిసెంబర్ 31 వరకు గడువు ఉండటంతో ఆ లైన్ తీసేసి, తేడాను వడ్డీతో సహా కట్టేశాను. నోటీసు రాకముందే దిద్దుకున్నా కాబట్టి అక్కడితో పోయింది.

మరి ఎవరికి వస్తుంది?

చెల్లె అమెరికాలో ఎంఎస్ చేసింది. ఇప్పుడు కోర్సు అయిపోయి ఉద్యోగం వెతుకుతోంది. లోన్ తన పేరు మీదే ఉన్నా, ఇండియాలో పన్ను కట్టే ఆదాయం లేదు కాబట్టి తనకు ఈ మినహాయింపుతో పని లేదు. మిగిలింది బాపు. ఆయన ప్రభుత్వ టీచర్. లోన్‌లో ఆయన కూడా అప్పు తీసుకున్న మనిషే, చెల్లె ఆయన కూతురు. రెండు షరతులూ సరిపోయాయి. విదేశీ చదువైనా 80ఈకి అడ్డం లేదు.

ఇక్కడ ఒకటి గమనించండి. కొన్ని ఇళ్లల్లో ఉద్యోగం లేని అమ్మను కో-అప్లికెంట్‌గా పెట్టి, వడ్డీ మాత్రం నాన్న కడుతుంటారు. అప్పుడు నాన్న లోన్ తీసుకున్నవాడు కాదు, అమ్మకు ఆదాయం లేదు. మినహాయింపు ఎవరికీ రాదు. సంతకాలు పెట్టే రోజే ఇది చూసుకోవాలి. లోన్ కూడా బ్యాంకుదో, కేంద్రం నోటిఫై చేసిన ఫైనాన్స్ సంస్థదో, ఆమోదం ఉన్న చారిటబుల్ సంస్థదో అయి ఉండాలి. చిట్టీ ఎత్తుకున్నా, మేనమామ దగ్గర తెచ్చుకున్నా చెల్లదు.

మేం చేసిన మార్పు చిన్నది. 2025 ఏప్రిల్ నుంచి వడ్డీ బాపు జీతం అకౌంట్ నుంచే పోతోంది. దానికి బదులు ఇంటి ఖర్చులు నేను చూసుకుంటున్నా.

లాభం ఎంత? లెక్క వేద్దాం

బాపు జీతం ఏడాదికి 14 లక్షలు. లోన్ 22 లక్షలు, వడ్డీ 10 శాతం, అంటే 2025-26లో వడ్డీ 2.2 లక్షలు. 80ఈకి గరిష్ఠ పరిమితి లేదు, కట్టిన వడ్డీ మొత్తం తీసేయొచ్చు. అసలుకు మాత్రం రాదు. అయితే ఇది పాత పద్ధతిలోనే దొరుకుతుంది. మనం ఏమీ ఎంచుకోకపోతే పడేది కొత్త పద్ధతిలో, అక్కడ 80ఈ లేదు, 80సి లేదు.

కొత్త పద్ధతి: 14 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోతే 13.25 లక్షలు. సెస్‌తో కలిపి పన్ను 81,900.

పాత పద్ధతి: స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, ఇంటి లోన్ వడ్డీ 2 లక్షలు, 80సి 1.5 లక్షలు తీసేస్తే 10 లక్షలు. పన్ను 1,17,000. ఇక్కడ ఆగితే కొత్తదే మేలు. చెల్లె లోన్ వడ్డీ 2.2 లక్షలు కూడా తీస్తే 7.8 లక్షలు మిగులుతుంది, పన్ను 71,240కి దిగుతుంది.

అంటే బాపుకు నిజంగా మిగిలేది 10,660. 2.2 లక్షల మీద వేలకు వేలు వస్తాయని ఎవరైనా చెబితే, వాళ్లు కొత్త పద్ధతితో పోల్చి చూడలేదన్నమాట. మాకు ఇంటి లోన్ లేకపోతే పాత పద్ధతికి పోవడమే దండగ. జీతం తప్ప వ్యాపార ఆదాయం లేనివాళ్లు ఏటా పద్ధతి మార్చుకోవచ్చు, కానీ రిటర్న్ గడువులోగా వేయాలి.

ఫీజుల సంగతి వేరే

తమ్ముడు వరంగల్‌లో బీటెక్ చదువుతున్నాడు. ట్యూషన్ ఫీజు 80సి కిందికి వస్తుంది. ఇందులో రూల్స్ ఇంకా గట్టిగా ఉంటాయి. కట్టిన తల్లికో తండ్రికో మాత్రమే, ఒక్కొక్కరికి ఇద్దరు పిల్లల వరకు, ఇండియాలో ఫుల్‌టైమ్ చదువుకే. అందుకే చెల్లె అమెరికా ఫీజు ఇందులో చెల్లదు. డొనేషన్, డెవలప్‌మెంట్ ఫీజు, హాస్టల్, బస్సు లెక్కలోకి రావు. తన చదువుకు తానే ఫీజు కట్టుకునే స్టూడెంట్‌కూ ఇది లేదు. తమ్ముడి ఫీజు నేను కట్టినా నాకు రాదు. బాపు కడుతున్నా, పీఎఫ్‌, ఎల్‌ఐసీలతోనే ఆయన 1.5 లక్షల పరిమితి నిండిపోయింది. కాబట్టి కొత్తగా కలిసేదేం లేదు.

ఎనిమిదేళ్ల గడియారం

వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది, దాని తర్వాత ఇంకో ఏడేళ్లు. 80ఈకి అంతే టైమ్. బాపు 2025-26లో మొదలుపెట్టారు కాబట్టి ఆయనకు 2032-33 వరకు. లోన్ అంతకంటే ఎక్కువ ఏళ్లు సాగితే ఆ తర్వాతి వడ్డీకి మినహాయింపు ఉండదు. చదువు టైమ్‌లో కట్టకుండా పేరుకున్న వడ్డీ కూడా ఏ ఏడాది కడితే ఆ ఏడాదికే లెక్క.

రిటర్న్‌లో ఇప్పుడు బ్యాంకు పేరు, లోన్ అకౌంట్ నంబర్, మంజూరైన తేదీ, ఇంకా బాకీ ఉన్న మొత్తం కూడా అడుగుతున్నారు. నేను చేసినట్టు వట్టి అంకె ఒకటి కొట్టి పోనిచ్చే రోజులు పోయాయి. బ్యాంకు నుంచి వడ్డీ, అసలు విడివిడిగా చూపించే సర్టిఫికెట్ తీసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి అందులో సెక్షన్ నంబర్లు వేరు. 2025-26 ఆదాయానికి మాత్రం పాత నంబర్లే.

మొన్న పండుగకు పోతే బాపు ఆ సర్టిఫికెట్ ప్రింటు తీసి, లోన్ పేపర్ల ఫైల్‌లో పెట్టి ఉంచారు. పైన పెన్నుతో పెద్దగా రాసుకున్నారు: "నా పేరు మీదనే".