ఫొటోలో గణపతి, పీట మీద గణపతి

ఖైరతాబాద్ గణపతిని 2022లో తొలిసారి మట్టితో చేశారు. ఎత్తు యాభై అడుగులు. 2024 నాటికి అది డెబ్బై అడుగులకు చేరింది. పాదాల దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తి తీసిన ఫొటోల్లో కాళ్లు కొండల్లా, కిరీటం చెంబులా కనిపిస్తాయి. అదే గణపతిని దూరంగా, ఎత్తైన చోట నుంచి తీస్తే ముఖం, బొజ్జ వాటి కొలతల్లో అవి కుదురుకుంటాయి. విగ్రహం మారలేదు. కెమెరా నిలబడిన చోటు మారింది, అంతే.

ఇంటికి తెచ్చుకునే అడుగు ఎత్తు మట్టి బొమ్మకూ ఇదే వర్తిస్తుంది. చవితికి పది రోజుల ముందు నుంచే అమ్మేవాళ్లు ఫోన్‌కు ఫొటోలు పంపుతున్నారు. ఇంట్లో నలుగురూ కూర్చుని వాటిలో ఒకదాన్ని ఎంచుతున్నారు. ఆ ఫొటోల్లో ఏది బొమ్మ గుణమో, ఏది కెమెరా చేసిన మాయో విడదీయగలిగితేనే ఆ ఎంపికకు అర్థం ఉంటుంది.

ఒక ఇంటికి మూడు ఫొటోలు వచ్చాయనుకుందాం. పాలవెల్లి కింద పట్టాలి కనుక మూడూ పన్నెండు అంగుళాల బొమ్మలే. మొదటిదానికి తొండం మరీ పెద్దదిగా ఉంది. రెండోది తళతళలాడుతోంది, కిరీటంలో రాళ్లు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. మూడోది సాదాగా, మట్టిరంగు మీద కాస్త పసుపు, ఎరుపు పూసినట్టుంది. చూడగానే అందరి వేలూ రెండోదాని మీదకే వెళుతుంది.

ముందు కొలతలు చూద్దాం. శిల్పశాస్త్రంలో ముఖం పొడవే కొలబద్ద. దాన్ని తాళం అంటారు, ఒక తాళానికి పన్నెండు అంగుళాలు. ఇక్కడి అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు, ఆ బొమ్మ ముఖంలో పన్నెండో వంతు. పెద్ద దేవతామూర్తులకు తొమ్మిది, పది తాళాలు చెబితే వినాయకుడికి ఐదే. పెద్ద తల, పొట్టి కాళ్లు ఆయన రూపలక్షణం కనుక తల పెద్దదిగా ఉండడం లోపం కాదు. కూర్చున్న బొమ్మలో కాళ్లు ముడుచుకుంటాయి కాబట్టి కిరీటం వదిలేసి కొలిస్తే ఉజ్జాయింపుగా ముఖానికి మూడు, మూడున్నర రెట్లు వస్తుంది. ఫోన్ తెర మీద స్కేలు పెట్టి ఈ లెక్క ఎవరైనా చూసుకోవచ్చు.

అయితే ఆ లెక్క నిలవాలంటే ఫొటో సరిగా తీసి ఉండాలి. అడుగు బొమ్మలో తొండం చెవుల కంటే నాలుగు అంగుళాలు ముందుకు ఉంటుందనుకుంటే, అడుగు దూరం నుంచి తీసిన ఫొటోలో అది చెవుల పక్కన మూడో వంతు పెద్దదిగా పడుతుంది. ఆరడుగులు వెనక్కి జరిగి, జూమ్ చేసి తీస్తే ఆ తేడా ఐదారు శాతానికి తగ్గిపోతుంది. మొదటి బొమ్మ ఫొటో దగ్గర నుంచి, కింది నుంచి తీసిందే. బొజ్జ ఎత్తులో కెమెరా పట్టుకుని ఆరడుగుల దూరం నుంచి మళ్లీ తీసి పంపమంటే తొండం మామూలుగానే ఉందని తేలింది. మూడింటినీ అదే ఎత్తు నుంచి, అంతే దూరం నుంచి తీయించి పక్కపక్కన పెడితేనే పోలిక న్యాయంగా ఉంటుంది. ఫొటోను కుడిఎడమలు తిప్పి చూడడం ఇంకో ఉపాయం. కంటికి అలవాటైన బొమ్మలో ఒక కన్ను పైకి, ఒక భుజం కిందికి ఉన్నా తెలియదు. తిప్పగానే తెలిసిపోతుంది. మొదటి బొమ్మ ఎడమ కన్ను కుడి కన్ను కంటే కాస్త పైన ఉందని ఇలాగే బయటపడింది.

ఇక రంగు. మట్టి బొమ్మ మీద నీటిరంగు వేస్తే వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది. ఎనామిల్ పూస్తే బొజ్జ మీద, మోకాళ్ల మీద తెల్లటి చుక్కల్లా మెరుపు పడుతుంది. రెండో బొమ్మ ఫొటోలో ఉన్నది ఆ మెరుపే. అది నీళ్లలో కరిగే రంగు కాదు. నిమజ్జనం చేశాక మట్టి కరిగినా రంగు పొరలు పొరలుగా తేలుతుంది. తళుకు కింద ఇంకోటి దాగే వీలుంది. బంకమట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. మందంగా ఉన్న బొజ్జ, సన్నగా ఉన్న చెయ్యి ఒకే వేగంతో ఆరవు కనుక అవి కలిసేచోట, అంటే భుజం మడతలో, తొండం మొదట్లో, పగుళ్లు వస్తాయి. వాటిని మట్టితో పూడ్చి పైన రంగు వేస్తారు. ఫొటోను పెద్దది చేసి ఆ మడతల్లో చూస్తే, పూడ్చిన గీత చుట్టూ ఉన్న రంగు కంటే ఒక ఛాయ ముదురుగానో, లేతగానో కనిపిస్తుంది. పూర్తిగా ఆరని మట్టి మీద రంగు వేస్తే చిన్న చిన్న బుడగలు లేస్తాయి. ట్యూబులైటు కింద రంగులు మారిపోతాయి కనుక, బొమ్మ పక్కన తెల్ల కాగితం పెట్టి పగటి వెలుతురులో తీయించాలి. కాగితం తెల్లగా కనిపిస్తే బొమ్మ రంగునూ నమ్మవచ్చు.

కిరీటంలో రాళ్లు, యజ్ఞోపవీతం, కాలి గజ్జెలు చెక్కినవా, గీసినవా అన్నది ఎదురు వెలుతురులో తెలియదు. ఫ్లాష్ వేస్తే అన్నీ చదునైపోతాయి. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా తీస్తే చెక్కిన గీతకు నీడ ఉంటుంది, గీసిన గీతకు ఉండదు. రెండో బొమ్మ కిరీటాన్ని అలా తీయిస్తే సగం రాళ్లు రంగు చుక్కలే. మూడోదానికి నగలు తక్కువే కానీ ఉన్నవన్నీ ఉలి పనే. పైగా దాని చేతులు బొజ్జకు ఆనుకుని ఉన్నాయి. రెండోదాని అంకుశం, పాశం గాలిలోకి చాచినట్టున్నాయి. పచ్చి మట్టిలో అంత సన్నటి భాగాలు బండి కుదుపుకే విరుగుతాయి.

అన్నిటికంటే తక్కువ మంది అడిగే ఫొటో పక్క నుంచి తీసింది. నిలకడ సంగతి చెప్పేది అదొక్కటే. గట్టి మట్టి బొమ్మలో బరువంతా బొజ్జలో ఉంటుంది. బొజ్జ మధ్య నుంచి కిందికి నిట్టనిలువు గీత గీస్తే అది పీట మీద ఎక్కడ పడుతుందో చూడాలి. మూడో బొమ్మ పీట ముందు నుంచి వెనక్కి ఆరంగుళాలు, గీత సరిగ్గా నడుమ పడింది. బరువు కేంద్రం ఐదంగుళాల ఎత్తులో ఉందనుకుంటే ముప్పై డిగ్రీలు వంగినా అది పడదు. రెండోదానికీ పీట అంతే ఉంది, కానీ బొజ్జ ముందుకు తోసుకొచ్చి, గీత ముందు అంచుకు ఒకటిన్నర అంగుళంలోనే పడింది. పదిహేడు డిగ్రీలు వంగితే చాలు, ముందుకు బోర్లా పడుతుంది. చవితి నాడు దాన్ని పెట్టేది బల్ల మీద కూడా కాదు, పీట మీద పోసిన బియ్యంలో. మెడలో చామంతి దండ వేస్తే ఆ బరువూ ముందుకే లాగుతుంది. ఉద్వాసన చెప్పి కదిలించేటప్పుడు ఇంకో కుదుపు తప్పదు.

పీట అడుగు కూడా చూడాలి. మధ్య కంటే అంచులు ముందు ఆరి ముడుచుకుంటాయి కాబట్టి కొన్ని పీటలు అంచుల దగ్గర పైకి లేస్తాయి. నున్నటి బల్ల మీద పెట్టి, వెనుక దీపం ఉంచి తీసిన ఫొటోలో పీట కింద వెలుగు గీత కనిపిస్తే అది ఊగుతుందన్నమాట. నాలుగు మూలలా వేలితో నొక్కుతూ చిన్న వీడియో పంపమంటే అనుమానం తీరిపోతుంది.

అలా అడిగి తెప్పించుకుంటే, మూడో బొమ్మ వీడియోలో ఒక మూల కాస్త ఊగింది. ఉప్పుకాగితంతో అడుగును రుద్ది ఇవ్వమని చెప్పి, ఆ ఇంటివాళ్లు దానికే బయానా ఇచ్చారు.