మిల్లు రేటా, డెలివరీ రేటా?

బియ్యం బేరాల్లో ధర గురించి వచ్చే తగాదాలు చాలావరకు అంకె దగ్గర రావు. క్వింటాలు ఐదు వేలు అని అమ్మినవాడూ ఒప్పుకుంటాడు, కొన్నవాడూ ఒప్పుకుంటాడు. ఆ ఐదు వేలు మిల్లు గేటు దగ్గరి ధరా, సరుకు కొన్నవాడి గోడౌన్‌కు చేరాక ధరా అన్న దగ్గర మాట తేడా వస్తుంది. మొదటిది మిల్లు రేటు, రెండోది డెలివరీ రేటు. మధ్యలో ఉండేది లారీ కిరాయి.

మిర్యాలగూడ లాంటి ఊళ్లలోని మిల్లుల నుంచి బియ్యం బయటి రాష్ట్రాలకు వెళ్తుంది. అలాంటి ఒక చిన్న పట్టణంలో మిల్లుల దగ్గర కొని బయటికి పంపే వ్యాపారిని ఉదాహరణగా తీసుకుందాం. బెంగళూరులో ఒక టోకు వ్యాపారికి సరుకు కావాలి. మధ్యలో ఒక బ్రోకరు ఉన్నాడు. సాయంత్రం ఆరు గంటలకు ముగ్గురూ ఫోన్లో మాట్లాడుకున్నారు. బీపీటీ పాత బియ్యం, 600 బస్తాలు, బస్తా 1,300. మాట అంతే. ఇలాంటి బేరం రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇద్దరి మనసులోనూ చెప్పకుండా ఉండిపోయినవి మాత్రం చాలానే ఉంటాయి.

బీపీటీ అంటే బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీపీటీ 5204, సాంబా మసూరి. నిలవ ఉన్న పాత బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుంది కనుక కొత్త బియ్యం కన్నా ధర ఎక్కువ. ఇక బస్తా 26 కిలోలది. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల లోపు సంచులపై, సరిగ్గా 25 కిలోల వాటిపై కూడా, 5 శాతం జీఎస్టీ పడింది. అప్పటి నుంచి 26 కిలోల బస్తాలు మార్కెట్లో బాగా కనిపిస్తున్నాయి. 26 కిలోలకు 1,300 అంటే క్వింటాలు 5,000. అదే 1,300 మాటను ఎవరైనా 25 కిలోల బస్తాకు అనుకుంటే క్వింటాలు 5,200 అవుతుంది. అంకె ఒకటే అయినా ధర రెండు వందలు మారిపోతుంది.

ఈ వ్యాపారికి ఒక అలవాటు ఉంది. ఫోన్ పెట్టేసిన గంటలోపే, గుర్తున్నది చెరిగిపోకముందే, మాట్లాడుకున్నదంతా రాసి పంపిస్తాడు. ఆ రోజు కొనుగోలుదారుకూ బ్రోకరుకూ వాట్సాప్‌లో కలిపి పంపిన సందేశం ఇది:

“నమస్కారం అండి. ఇవాళ ఫోన్లో అనుకున్నది: బీపీటీ పాత బియ్యం, 26 కిలోల బస్తాలు 600, మొత్తం 156 క్వింటాళ్లు. క్వింటాలు 5,000, అంటే బస్తా 1,300. ఇది మిల్లు రేటు. లారీ కిరాయి క్వింటాలుకు 150, మొత్తం 23,400, అక్కడ మీరు డ్రైవరుకు ఇవ్వాలి. ఎగుమతి హమాలీ మాది, దిగుమతి హమాలీ మీది. నూక 5 శాతం లోపు. సరుకు చేరిన 7 రోజుల్లో డబ్బు. రేపు ఉదయం 9కి లోడింగ్ మొదలవుతుంది. ఇందులో ఏ మాట తేడా ఉన్నా ఆ లోపు చెప్పండి. అన్నీ సరే అయితే సరే అని రాయండి.”

రాత్రి తొమ్మిదిన్నరకు జవాబు వచ్చింది: “సరే అండి, లారీ పంపండి.”

సందేశంలో ధరను రెండు విధాలుగా, క్వింటాలుకూ బస్తాకూ రాయడం గమనించాలి. ఒకటి తప్పు చదివినా రెండోది పట్టిస్తుంది. కిరాయి ఎవరిదో చెప్పి వదిలేయకుండా మొత్తం కూడా వేశాడు. “కిరాయి మీది” అన్న మాట మీద కన్ను జారిపోవచ్చు కానీ 23,400 అన్న అంకె మీద ఆగుతుంది. అన్నిటికన్నా విలువైనది లోడింగ్ గంట చెప్పిన వాక్యం. లారీ కదలక ముందు తేడా బయటపడితే బేరం సరిదిద్దుకోవచ్చు, లేదా ఖర్చు లేకుండా మానుకోవచ్చు. సరుకు వెళ్లిపోయాక పంపిన కాగితం అవతలివాడికి వాదనలాగే కనిపిస్తుంది.

లారీ చేరింది. కొనుగోలుదారు డ్రైవరుకు కిరాయి ఇచ్చాడు, బస్తాలు దించుకున్నాడు. ఏడో రోజున బ్యాంకులో 7,56,600 జమ అయింది. బిల్లు 7,80,000. తగ్గింది సరిగ్గా 23,400. ఫోన్ చేస్తే, “మనం డెలివరీ రేటే కదండీ అనుకున్నది, కిరాయి మీ లెక్కలోంచి తీసేశాం” అన్నాడు.

ఇందులో మోసం లేదు. ఆ వారం అతను మరో మిల్లు దగ్గర డెలివరీ రేటుకే కొన్నాడు, ఇదీ అలాగే అనుకున్నాడు. బ్రోకరును అడిగితే అతనికీ సరిగ్గా గుర్తు లేదు. ఆ సాయంత్రం నాలుగు బేరాలు కుదిర్చాడు, పుస్తకంలో “బీపీటీ పాత, 600, 1,300” అని మాత్రమే ఉంది. రాతకోతలేవీ లేకపోతే ఇక్కడ ఇద్దరి జ్ఞాపకాలూ సమానమే. సగం సగం సర్దుకోమని బ్రోకరు చెప్పేవాడు, నిజం చెప్పినవాడికి 11,700 పోయేది.

వ్యాపారి వాదించలేదు. తన సందేశమూ, కింద వచ్చిన జవాబూ కనిపించేలా ఫోటో తీసి పంపాడు. కింద ఒక్క మాట రాశాడు: “ఒకసారి చూడండి అండి, నాలుగో వాక్యం.” అవతలి గుమాస్తా చూసి యజమానికి చూపించాడు. మర్నాడు మధ్యాహ్నానికి 23,400 జమ అయింది.

కోర్టు దాకా వెళ్లినా ఈ రాతకు బలం ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది, చిక్కల్లా దాన్ని రుజువు చేయడంలోనే. అదే చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం షరతులు లేకుండా పూర్తిగా ఉండాలి. “సరే అండి, లారీ పంపండి” అన్నది అలాంటి అంగీకారం. “సరే కానీ కిరాయి సంగతి తర్వాత చూద్దాం” అని వచ్చి ఉంటే అది కొత్త బేరం కిందికి వస్తుంది, లారీ ఆపాల్సిందే. జవాబే రాకపోతే? ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. అందుకే అలాంటప్పుడు ఈ వ్యాపారి ఉదయం ఫోన్ చేసి, “సరే అని ఒక్క ముక్క రాయండి” అని అడుగుతాడు, అది వచ్చాకే హమాలీలను పిలుస్తాడు. వాట్సాప్ సందేశాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి. కాబట్టి ఫోన్ మార్చినా పాత సందేశాలు పోకుండా చూసుకోవాలి.

ఈ రాత అన్ని తగాదాలనూ తీర్చదు. నూక 5 శాతం లోపు అని రాసుకున్నా, దించిన బస్తాలో నూక ఎంతుందో సందేశం చెప్పలేదు. దానికి లోడింగ్ రోజునే తీసి, సీలు వేసి, ఇద్దరి దగ్గరా ఉంచుకున్న నమూనా కావాలి. తూకం తేడాకు కాటా చీటీ కావాలి. ఫోన్లో అసలు మాట్లాడని షరతును సందేశంలో కలిపి పంపితే అది అనుకున్నదాన్ని ధ్రువపరచినట్టు కాదు, కొత్తగా అడిగినట్టవుతుంది. ఈ వ్యాపారి కిరాయి మాటను ఫోన్లోనే అన్నాడు, అవతలివారు వినలేదు.

నెల తర్వాత అదే కొనుగోలుదారు మళ్లీ 600 బస్తాలు అడిగాడు. ఈసారి ముందుగా సందేశం అతని నుంచే వచ్చింది: క్వింటాలు 5,150, డెలివరీ రేటు, కిరాయి మీదే. వ్యాపారి లెక్క చూసుకున్నాడు. కిరాయి 150 పోతే మిల్లు గేటు దగ్గర మిగిలేది అదే 5,000. సరే అని రాశాడు.