కెమెరా ఎప్పుడు, ఎందుకు

వీడియో మీటింగ్‌లో కూర్చున్న మనిషికి తోటివారి ముఖాలతో పాటు తన ముఖం కూడా తెరమీద కనిపిస్తూనే ఉంటుంది. ఆఫీసు గదిలో పదిమందితో మాట్లాడుతున్నంతసేపూ ఎవరూ ఎదురుగా అద్దం పెట్టుకుని కూర్చోరు. తెరమీద మాత్రం ఆ అద్దం తీసేవరకూ ఉంటుంది. జుట్టు చెదిరిందా, ముఖం వాడినట్టుందా, వెనక గోడ బాగుందా అన్న చూపు మాటల మధ్య అటే పోతుంటుంది. సాయంత్రానికి పని ఎక్కువ చేయకపోయినా తల బరువెక్కడానికి ఇది ఒక కారణం.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వర్చువల్ హ్యూమన్ ఇంటరాక్షన్ ల్యాబ్‌ను స్థాపించిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాసిన వ్యాసంలో ఈ అద్దంతో కలిపి నాలుగు కారణాలు చెప్పారు. తెరమీద ముఖాలు బాగా దగ్గరగా, పెద్దగా కనిపిస్తాయి. అంత దగ్గరికి మామూలుగా ఇంట్లోవాళ్లనే రానిస్తాం. పైగా మాట్లాడుతున్నది ఎవరైనా అందరూ తననే చూస్తున్నట్టు ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. మూడోది సైగల సంగతి. ఎదురుగా ఉన్నప్పుడు అప్రయత్నంగా జరిగే తల ఊపడం, ముందుకు వంగడం, పక్కవారి వైపు చూడడం లాంటివి తెరమీద అర్థం మారిపోతాయి. కాబట్టి వింటున్నానని చూపడానికి తలను కాస్త ఎక్కువగా ఊపవలసి వస్తుంది, ఎదుటివారి ముఖంలో భావాన్ని కష్టపడి పోల్చుకోవలసి వస్తుంది. నాలుగోది, కెమెరా పట్టే చిన్న చట్రంలోనే శరీరం ఒదిగి ఉండాలి. ఫోన్లో అయితే అదే సంభాషణను గదిలో అటూ ఇటూ నడుస్తూ సాగించవచ్చు.

బెయిలెన్సన్ చెప్పినది తర్కం. పని జరిగేచోట ఇది ఎంతవరకు నిజమో చూసినవారు అలిసన్ గేబ్రియల్, ఆమె సహపరిశోధకులు. అమెరికాలోని ఒక సంస్థలో 103 మంది ఉద్యోగులను నాలుగు వారాలు గమనించారు. సగంమంది మొదటి రెండు వారాలు కెమెరా వేసుకుని తర్వాతి రెండు వారాలు ఆపేశారు, మిగతా సగం తలకిందులుగా చేశారు. కెమెరా వేసుకున్న రోజుల్లో అలసట పెరిగింది. అలసిన రోజుల్లో మీటింగుల్లో నోరు విప్పడం, మనసు పెట్టడం తగ్గాయి. కెమెరా ఉంటే మనుషులు చురుగ్గా పాల్గొంటారని నమ్మి దాన్ని తప్పనిసరి చేసే మేనేజర్లు తప్పక చూడవలసిన ఫలితం ఇది. ఆ భారం అందరి మీదా ఒకేలా పడలేదు కూడా. ఆడవారి మీద, ఉద్యోగంలో కొత్తగా చేరినవారి మీద ఎక్కువగా పడింది. తాము ఎలా కనిపిస్తున్నామన్నది వారికి మరింత పట్టింపు కావడమే దీనికి కారణమని పరిశోధకుల వివరణ. అయితే ఇది ఒక్క సంస్థలో జరిగిన ప్రయోగం కాబట్టి ప్రతి టీమ్‌కూ అంతే తేడా ఉంటుందని దీన్నిబట్టి చెప్పలేం.

ఈ ఫలితాన్ని చూసి చాలా టీమ్‌లు ‘కెమెరా ఎవరిష్టం వారిది’ అనే నియమం పెట్టుకుంటాయి. వినడానికి న్యాయంగానే ఉంటుంది గాని ఆచరణలో నిలవదు. పై అధికారి కెమెరా వేసుకుని కూర్చుంటే, నిన్న చేరిన కుర్రవాడు తనది ఆపగలడా? నలుగురు వేసుకున్నచోట ఐదో మనిషి ఆపితే అశ్రద్ధగా ఉన్నట్టు కనిపిస్తుందేమోనన్న భయం ఉంటుంది. ఎవరికి విశ్రాంతి ఎక్కువ కావాలో వారే ఆ ఇష్టాన్ని వాడుకోలేరు. అందుకే నిర్ణయం మనిషి మీద కాక మీటింగ్ మీద ఆధారపడాలి. ఏ మీటింగ్‌లో ముఖాలు నిజంగా పనికొస్తాయో టీమ్ అంతా ముందే అనుకుని, క్యాలెండర్ ఆహ్వానంలోనే ‘కెమెరా ఆన్’ అనో ‘కెమెరా ఆఫ్’ అనో రాసిపెడితే ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని ఉండదు.

ముఖం ఎక్కడ పనికొస్తుంది? కొత్తవారిని పరిచయం చేసేటప్పుడు, ఇద్దరి మధ్య అభిప్రాయభేదం తెగవలసినప్పుడు, కష్టమైన మాట చెప్పవలసినప్పుడు, పని లేకుండా కాసేపు కబుర్లు చెప్పుకునేటప్పుడు. స్క్రీన్ మీద పట్టికో కోడో బొమ్మో పెట్టుకుని చర్చించేటప్పుడు అందరి చూపూ దానిమీదే ఉంటుంది, పక్కన ఉన్న చిన్న గళ్లలో ముఖాల వల్ల ఒరిగేది తక్కువ.

దీన్ని ఒక ఊహా టీమ్ మీద పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. హైదరాబాదులో ఆరుగురు, న్యూజెర్సీలో ఇద్దరు ఉన్నారనుకుందాం. వేసవిలో రెండు చోట్లకూ తొమ్మిదిన్నర గంటల తేడా. అక్కడి ఉదయం 10 గంటలకు ఇక్కడ రాత్రి 7:30. రోజూ ఆ వేళకు అరగంట స్టాండప్ ఉంటుంది. అంటే నిన్న ఏం చేశారు, ఈరోజు ఏం చేస్తారు, ఎక్కడ ఆగిపోయారు అని ఒక్కొక్కరూ చెప్పే మీటింగ్. దీనికి తోడు వారానికి ఒకసారి గంటసేపు ప్లానింగ్, గంట డిజైన్ చర్చ, గంట క్లయింటు డెమో, గంట టీమ్ ముచ్చట, అరగంట మేనేజర్‌తో విడిగా మాట. మొత్తం ఏడు గంటలు, అంతా కెమెరా ఆన్. హైదరాబాదు వారికి అందులో ఎక్కువభాగం ఇంట్లో వంట, పిల్లల చదువు, పెద్దవాళ్ల భోజనం నడిచే వేళ. రెండు గదుల ఇంట్లో ఒక గది కెమెరాకు అప్పజెప్పి మిగిలినవారిని నిశ్శబ్దంగా ఉండమనడం ఆ అలసటకు తోడయ్యే భారం. 

మార్పు స్టాండప్‌తో మొదలుపెట్టాలి, అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది అదే గనుక. మూడు రోజులు చాట్‌లో నాలుగేసి వాక్యాలు రాస్తే చాలు. రెండు రోజులు మాత్రం పావుగంట చొప్పున అందరూ కెమెరా వేసుకుని కలుస్తారు. గంట మీటింగులు మూడు, అంటే ప్లానింగ్, డిజైన్ చర్చ, డెమో, 50 నిమిషాలకు తగ్గుతాయి. ప్లానింగ్‌లో కెమెరా ఉండదు. డిజైన్ చర్చలో బొమ్మలు చూస్తున్నంతసేపూ కెమెరా ఆఫ్, ఏ దారి ఎంచుకోవాలో తేల్చే చివరి పది నిమిషాలు ఆన్. డెమోలో పలకరింపులకు మొదటి ఐదు నిమిషాలు అందరూ కనిపించి ఆపేస్తారు, చూపించేవారు ఒక్కరు ఉంచుకుంటారు. టీమ్ ముచ్చట గంట కాక 25 నిమిషాలు, పని ఊసు లేకుండా, ముఖాలు కనిపిస్తూ సాగుతుంది. మేనేజర్‌తో విడి మాటకూ 25 నిమిషాలే, కెమెరాతోనే. లెక్కేస్తే మీటింగులు దాదాపు మూడు గంటల యాభై నిమిషాలకు వస్తాయి. డెమో చూపించే ఒక్కరిని మినహాయిస్తే ఒక్కో మనిషి కెమెరా ముందుండేది గంటా ముప్పై అయిదు నిమిషాలు. మిగిలిన ఆ గంటన్నరా అందరి ముఖాలూ నిజంగా అవసరమైన చోటే ఉంది.

గంటను 50 నిమిషాలు చేయడం వెనక కారణముంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2021లో పద్నాలుగుమంది తలలకు మెదడు తరంగాలను కొలిచే ఈఈజీ పరికరాలు అమర్చి, అరగంట వీడియో మీటింగులు వరసగా నాలుగు పెట్టారు. ఒక రోజు మధ్యలో విరామం లేదు, మరో రోజు మీటింగ్‌కూ మీటింగ్‌కూ మధ్య పది నిమిషాల విరామం ఇచ్చారు. విరామం లేని రోజు ఒత్తిడిని సూచించే బీటా తరంగాలు క్రమంగా పెరుగుతూ పోయాయి. విరామం ఉన్న రోజు అలా పేరుకుపోలేదు. గూగుల్ క్యాలెండర్‌లో `Speedy meetings` అనే సెట్టింగ్ పెట్టుకుంటే అరగంట మీటింగ్ 25, గంట మీటింగ్ 50 నిమిషాలుగా దానంతటదే నమోదవుతుంది. అయితే ముగించే బాధ్యత పిలిచినవారిదే. గడియారం చూసి మధ్యలోనైనా ఆపకపోతే ఆ సెట్టింగ్ కాగితం మీదే మిగులుతుంది.

కెమెరా ఉంచవలసిన గంటన్నరలోనూ భారాన్ని తగ్గించవచ్చు. జూమ్‌లో `Hide Self View` నొక్కితే ఎదుటివారికి మన ముఖం కనిపిస్తుంది గాని మనకు కనిపించదు. అద్దం పోతుంది. వీడియో కిటికీని తెర నిండా కాక చిన్నదిగా చేసి, కీబోర్డును విడిగా పెట్టి కాస్త వెనక్కి జరిగి కూర్చుంటే ముఖాలు దూరమవుతాయి, కదలడానికి చోటు దొరుకుతుంది. ఇవి చిన్న పనులే అయినా ఒక మనిషి టీమ్ అనుమతి అడగకుండా ఈరోజే చేసుకోగలిగినవి.

కెమెరా ఆపితే పోయేది ఒకటుంది, దాన్ని వేరేదానితో భర్తీ చేయకపోతే నియమం బెడిసికొడుతుంది. మాట్లాడేవారికి శూన్యంలోకి చెబుతున్నట్టుంటుంది. వింటున్నారా, మరో పనిలో ఉన్నారా తెలియదు. కెమెరా లేని మీటింగ్‌లో నడిపించేవారు పేరుపెట్టి అడగాలి, అదీ ‘ఎవరైనా చెప్పండి’ అని కాక ‘ఈ భాగం నువ్వు రాసినదే కదా, ఏమంటావ్’ అని. వినేవారు చాట్‌లో ఒక మాట రాయాలి, లేదా చెయ్యెత్తే గుర్తు వాడాలి. మాట్లాడేవారి పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునే చెవిటివారు టీమ్‌లో ఉంటే మాట్లాడే మనిషి కెమెరా ఎప్పుడూ ఆన్‌లో ఉండాల్సిందే, ఆ విషయంలో మీటింగ్ రకం చూడకూడదు.

బంధం సన్నగిల్లుతోందా అన్నది ఎలా తెలుస్తుంది? మీటింగ్‌లో నోరు విప్పినవారిని లెక్కపెట్టడం అన్నిటికన్నా తేలిక. ఎనిమిదిమందిలో వారంవారం అదే ముగ్గురు మాట్లాడుతుంటే, కొత్తవారి ప్రశ్నలు మీటింగ్ అయ్యాక ప్రైవేటు చాట్‌లో వస్తుంటే, ‘అందరికీ ఓకేనా’ అన్న ప్రశ్నకు మౌనమే జవాబై రెండు రోజుల తర్వాత అభ్యంతరాలు బయటపడుతుంటే కెమెరా లేని మీటింగులు ఎక్కువయ్యాయని అర్థం. అప్పుడు అన్నిటికీ కెమెరా తప్పనిసరి చేయకుండా, ఎక్కడ మౌనం ఎక్కువగా ఉందో ఆ ఒక్క మీటింగ్‌లో ఒక భాగానికి ముఖాలను తిరిగి తెచ్చి చూడాలి.

గేబ్రియల్ ప్రయోగ పద్ధతినే టీమ్ తన కోసం వాడుకోవచ్చు. రెండు వారాలు పాత పద్ధతి, రెండు వారాలు కొత్తది. రోజూ పని ముగిశాక ఎవరు రాశారో తెలియకుండా ఒక్క ప్రశ్నకు జవాబు: ఈరోజు ఎంత అలసిపోయారు, ఒకటి నుంచి అయిదు వరకు. పక్కనే ఇంకో అంకె: ఈరోజు తోటివారితో ఎంత కలిసి పనిచేసినట్టనిపించింది. అలసట అంకె తగ్గి రెండోది నిలిచిందంటే నియమం సరిగ్గా కుదిరినట్టే. రెండూ తగ్గితే కెమెరాతో పాటు మరేదో పోయింది. చాలాసార్లు అది టీమ్ ముచ్చటే అవుతుంది. గడువు పనులు ముంచుకొచ్చినప్పుడు ముందుగా రద్దయ్యేది అదే.

హైదరాబాదు, న్యూజెర్సీ టీమ్ ఈ నియమాన్ని ఏటా రెండుసార్లయినా తిరిగి చూసుకోవాలి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పగానే తేడా పదిన్నర గంటలవుతుంది, 7:30 స్టాండప్ 8:30కి జరుగుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా హైదరాబాదు వారు భోజనం ముగించి కెమెరా ముందుకు రావాలి. ఆ నాలుగు నెలలు న్యూజెర్సీ ఇద్దరూ గంట ముందు, తొమ్మిదికే కలిస్తే ఇక్కడివారికి పాత వేళే దక్కుతుంది.