గురి దగ్గరపడేకొద్దీ పెరిగే వణుకు

తల వెనుక భాగంలో, పెద్ద మెదడు కింద ఒదిగి ఉండేది చిన్న మెదడు. పాఠ్యపుస్తకాల్లో దీన్నే అనుమస్తిష్కం అంటారు. పరిమాణంలో ఇది మొత్తం మెదడులో పదో వంతే అయినా, మెదడులోని నాడీకణాల్లో దాదాపు 80 శాతం ఇందులోనే ఉంటాయి. ఇది దెబ్బతిన్నంత మాత్రాన చేయి చచ్చుబడదు, స్పర్శ పోదు. కానీ కదలికలో పొందిక పోతుంది. ఆ పొందిక లోపించడాన్నే వైద్యులు అటాక్సియా అంటారు.

దీన్ని బయటపెట్టే పరీక్షకు పరికరమేమీ అక్కర్లేదు. డాక్టరు తన వేలును రోగికి చేయి చాపినంత దూరంలో నిలిపి, రోగి చూపుడువేలితో ముందు తన ముక్కును, తర్వాత డాక్టరు వేలును మార్చి మార్చి ముట్టుకోమంటారు. చిన్న మెదడు దెబ్బతిన్న వ్యక్తి చేయి ఒళ్లో ఉన్నంతసేపూ నిశ్చలంగానే ఉంటుంది. కదలడం మొదలుపెట్టాక దారి వంకర పోతుంది. డాక్టరు వేలు ఇంకో జానెడు దూరంలో ఉందనగా చేయి అటూ ఇటూ ఊగడం మొదలై, వేలు దగ్గరపడేకొద్దీ ఆ ఊపు పెద్దదవుతుంది. చివరికి వేలు గురి దాటిపోతుంది, లేదా ముందే ఆగిపోతుంది. దీని పేరు ఇంటెన్షన్ ట్రెమర్. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా దీనికి తలకిందులు: చేయి ఊరికే ఉన్నప్పుడు వణికి, పని మొదలుపెట్టగానే తగ్గుతుంది.

వణుకు గురి దగ్గరే ఎందుకు పెరుగుతుంది? చేయి ఎక్కడుందో కళ్లూ కండరాలూ మెదడుకు చెప్పడానికి, మెదడు దాన్ని సరిచేయడానికి సెకనులో పదో వంతు లేదా అంతకంటే ఎక్కువే పడుతుంది. వేగంగా కదిలే చేయి ఆలోపే ముందుకు వెళ్లిపోతుంది. అందుకే ఆరోగ్యవంతుడి చిన్న మెదడు కబురు కోసం కాచుకోదు. ఇచ్చిన ఆజ్ఞకు చేయి ఎక్కడికి చేరుతుందో ముందే అంచనా కట్టి, సరిగ్గా వేళకు కళ్లెం వేయిస్తుంది. ఆ అంచనా లేకపోతే మిగిలేది ఆలస్యంగా వచ్చే సవరణే. చేయి గురి దాటాక వెనక్కి లాగాలని తెలుస్తుంది, లాగేసరికి ఇటువైపు ఎక్కువైపోతుంది, మళ్లీ అటు. కచ్చితత్వం ఎక్కువ కావలసింది చివరి జానెడులోనే కాబట్టి సవరణలు, వాటితో ఊపు అక్కడే పోగుపడతాయి.

ఈ అంచనాలు పుట్టుకతో సిద్ధంగా ఉండవు. పొరపాట్లు చేస్తూ నేర్చుకోవలసినవి. చిన్న మెదడు పైపొరలోని పుర్కింజీ కణాల్లో ఒక్కొక్కదానికి లక్షకు పైగా సన్నని తంతువులు శరీరస్థితి గురించిన సమాచారం తెస్తాయి. మెదడు కాండం నుంచి మాత్రం ఒకే ఒక బలమైన తంతువు వస్తుంది. కదలిక తప్పిందన్న కబురు తెచ్చేది ఈ తంతువేనన్నది బలమైన సిద్ధాంతం. ఆ కబురు అందినప్పుడు పనిలో ఉన్న సన్నని తంతువుల అనుసంధానాలు బలహీనపడతాయని జపాన్ శాస్త్రవేత్త మసావో ఇటో బృందం 1982లో చూపింది. నేర్చుకోవడమంతా ఈ ఒక్క మార్పుతోనే జరుగుతుందని మాత్రం అనలేం.

చూపును పక్కకు జరిపే పట్టకపు అద్దాలతో చేసిన ప్రయోగంలో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. అద్దాలు పెట్టుకుని మట్టి ముద్దలు విసిరితే మొదట గురి తప్పుతుంది. కొన్ని విసుర్లలోనే ఆరోగ్యవంతులు సర్దుకుంటారు. అద్దాలు తీసేశాక ఈసారి అవతలి పక్కకు తప్పుతారు. నేర్చుకున్నది చేతిలో మిగిలిపోయిందనడానికి ఆ రెండో పొరపాటే సాక్ష్యం. చిన్న మెదడు దెబ్బతిన్నవారిలో చాలామంది అద్దాలతో ఎన్నిసార్లు విసిరినా తప్పుతూనే ఉంటారు. తీసేశాక మాత్రం మామూలుగానే విసురుతారు.

ఏ లక్షణం ఎటు చూపిస్తుందో తేల్చడంలో మొదటి ప్రపంచయుద్ధ గాయాలు ఎంతో తోడ్పడ్డాయి. తలకు వెనక తూటాలు, గుండు ముక్కలు తగిలిన సైనికులను నాడీవైద్యుడు గోర్డన్ హోమ్స్ పరీక్షించి, 1917లో ఆ వివరాలు ప్రచురించాడు. కుడివైపు గాయమైతే చెడేది కుడి చేయే. పెద్ద మెదడు దెబ్బతో వచ్చే పక్షవాతంలాగా ఎదుటి పక్క కాదు. అందువల్ల ఒకే మనిషిలో బాగున్న చేతిని, చెడిన చేతిని పోల్చి చూసే వీలు కలిగింది. పిడికిలి బిగించమన్నా, వదలమన్నా చెడిన చేయి కాస్త వెనకబడేది.

పక్క భాగాలు చెడితే చేతులు, కాళ్లు తప్పుతాయి. నడిభాగం చెడితే నడుము నిలవదు, కాళ్లు ఎడంగా పెట్టి తూలుతూ నడుస్తారు. దీర్ఘకాలం మద్యం తాగినవారిలో ఎక్కువగా కనిపించేది ఈ నడకే. అయితే తూలే ప్రతి నడకా చిన్న మెదడుది కాదు. కాళ్ల నుంచి సమాచారం తెచ్చే నరాలు చెడినవారు కళ్లు తెరిచి నిలబడగలిగినా, మూస్తే పడిపోతారు. చిన్న మెదడు చెడినవారు కళ్లు తెరిచి ఉన్నా ఊగుతారు. ఇంటెన్షన్ ట్రెమర్ ఉన్నా గాయం చిన్న మెదడులోనే ఉండాలని లేదు. అక్కడి నుంచి బయటికి వెళ్లే నాడీమార్గం తెగినా ఇదే వణుకు వస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో తరచూ జరిగేది ఇదే. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ మోతాదు మించినా తూలుడు వస్తుంది, మోతాదు తగ్గిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. తలనొప్పి, వాంతులతో హఠాత్తుగా మొదలైన తూలుడు మాత్రం చిన్న మెదడులో రక్తస్రావమో రక్తనాళం మూసుకుపోవడమో కావచ్చు. చుట్టూ చోటు ఇరుకు కాబట్టి, వాపు వస్తే ఊపిరిని నడిపే మెదడు కాండం మీద కొద్ది గంటల్లోనే ఒత్తిడి పడగలదు. అలాంటి రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.