నోట్సు పోయిన రాత్రి

తెల్లారితే పదో తరగతి అమ్మాయికి భౌతికశాస్త్రం పరీక్ష. నోట్సు, పుస్తకం ఉన్న సంచి బస్సులో పోయింది. ఎవరినీ అడగకముందే గుర్తున్నదంతా కాగితం మీద పెట్టింది. అదే సరైన పని. ఇతరుల మాట ముందే వింటే ఏది తన జ్ఞాపకమో తేల్చుకోవడం కష్టం. తర్వాత ఇద్దరు స్నేహితురాళ్లకు విడివిడిగా ఫోన్ చేసింది.

కటక సూత్రం దగ్గర చిక్కొచ్చింది. ఒకమ్మాయి 1/f = 1/v − 1/u అంది. రెండో అమ్మాయి మధ్యలో ప్లస్ అంది. ఇద్దరిదీ గట్టి నమ్మకమే.

ప్రయోగశాలలో చూసింది ఆమెకు గుర్తుంది: కుంభాకార కటకం నాభికి ఆవల కొవ్వొత్తి పెడితే, తెర మీద ప్రతిబింబం కూడా రెండోవైపు నాభిని దాటే పడింది. నాభ్యంతరం 20 సెం.మీ., కొవ్వొత్తి దూరం 30 సెం.మీ. అనుకుని, సంజ్ఞా నియమం ప్రకారం u = −30 వేసింది. మైనస్ సూత్రం v = 60 ఇచ్చింది. ప్లస్ సూత్రం 12 ఇచ్చింది, అంటే నాభికి లోపలే. అది కుదరదు. ప్లస్ ఉన్నది దర్పణ సూత్రం. పక్క పాఠం జ్ఞాపకంలో ఇటు జరిగింది.

వజ్రం వక్రీభవన గుణకం 2.42 లాంటివి లెక్కతో రాబట్టలేం. అలాంటివి ఇద్దరూ ఒకే అంకె చెబితేనే రాసుకుంది. మిగతాచోట ప్రశ్నార్థకం అలాగే ఉంచింది.